మెచ్చుకున్న కస్టమర్ వీడియోను యాడ్‌లో పెట్టాలంటే ఏమని మెయిల్ రాయాలి?

అనంతపురంలో శెనక్కాయల గానుగ నూనె తీసి అమ్మే ఒక చిన్న వ్యాపారం ఉందనుకుందాం. ఊళ్లో అమ్మకం కొంత, బెంగళూరు, హైదరాబాదుకు కొరియర్‌లో పోయేది ఎక్కువ. ఆ కొరియర్ కస్టమర్లలో ఒకావిడది తాడిపత్రి, ఉద్యోగం బెంగళూరులో. ఒక ఆదివారం పొద్దున వాట్సాప్‌లో వీడియో పంపింది. నిమిషం నలభై సెకన్లు. ఉగ్గానికి తిరగవాత పెడుతూ, నూనె డబ్బా చేత్తో ఎత్తి చూపిస్తూ, నవ్వుతూ మాట్లాడింది. ఎవరూ అడగలేదు, డబ్బులివ్వలేదు, రాసిచ్చింది చదవలేదు. ఏ యాడ్ కంపెనీ తీసినా అంత బాగా రాదు.

దుకాణదారుడికి వెంటనే తోచేది ఒకటే. వీడియోను దుకాణం ఫేస్‌బుక్ పేజీలో పెట్టి, రోజుకు ఐదొందలు కట్టి బూస్ట్ చేయడం. “ఆవిడే పంపింది కదా, ఇంకేం అడగాలి?” అనిపిస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆవిడ ఆ వీడియో పంపింది దుకాణదారుడికి. మెప్పు ఆయనకు చేరాలన్నది ఆవిడ ఉద్దేశం. డబ్బు కట్టిన యాడ్ చేరేది ఆవిడ చూపించాలని అనుకోని మనుషులకు. ఆఫీసులో పక్క సీటాయన, పిల్లాడి స్కూల్ టీచరు, పెళ్లిలో ఒకసారి కలిసిన దూరపు చుట్టం, వీళ్ల ఫోన్లలో వంటింటి నైటీలో ఉన్న ఆవిడ ముఖం తేలుతుంది, కింద ‘ఇప్పుడే కొనండి’ అన్న బటన్‌తో సహా. పేజీలో మామూలుగా పెట్టిన పోస్టును ఎక్కువగా ఆ పేజీని అనుసరించేవాళ్లే చూస్తారు. యాడ్ ఎవరికి కనపడాలో నిర్ణయించేది దుకాణదారుడు కట్టిన డబ్బు, ఎంచుకున్న ఊరు, వయసు. అందుకే పేజీలో పెట్టుకోమని ఇచ్చిన అనుమతి యాడ్‌కు సరిపోదు. రెండూ విడివిడిగా అడగాల్సినవి.

ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 1994లో రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు గోప్యత హక్కు గురించి చెబుతూ, ఒక మనిషి పేరునో రూపాన్నో వాళ్ల సమ్మతి లేకుండా ప్రకటనలకు వాడుకోవడాన్ని ఆ హక్కు ఉల్లంఘనకు ఉదాహరణగా చూపింది. అమెరికాలో ఫేస్‌బుక్ కూడా ఇక్కడే దెబ్బ తింది. వాడుకరులు కొట్టిన లైకులను వాళ్ల పేరు, ఫొటోలతో సహా డబ్బు కట్టిన ప్రకటనలుగా మార్చినందుకు 2011లో దావా పడింది. 2013లో 2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. లైకు కొట్టింది వాళ్లే అన్న వాదన గండం గట్టెక్కించలేదు.

సరే, అడగాలి. కానీ మెయిల్ రాయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. వీడియోను కస్టమర్ మెప్పుగా కాక, దుకాణం తన సొంత డబ్బుతో చేసే ప్రకటనగా ఊహించుకుని, మొదటి నుంచి చివరిదాకా చూడాలి. డబ్బు కట్టి నడిపిన క్షణం నుంచి అందులోని ప్రతి మాటకూ దుకాణదారుడే పూచీ. “అది నేనన్నది కాదు, కస్టమర్ అన్నది” అంటే చెల్లదు.

మన తాడిపత్రి ఆవిడ వీడియోలో ఏముందో చూద్దాం. మొదటి అర నిమిషం బంగారం. “తిరగవాత పెడితే ఇల్లంతా మా అమ్మ వంటింటి వాసన వచ్చింది” అంటుంది. తర్వాత, “మొదటి డబ్బా వచ్చినప్పుడు అడుగున మడ్డి చూసి చెడిపోయిందేమో అనుకున్యా, ఫోన్ చేసి అడిగినంక గానుగ నూనెకు అట్లనే ఉంటాదని తెలిసింది” అంటుంది. ఆ తర్వాత గాడి తప్పింది. “ఇది వాడినంక మా అత్తకు షుగరు కంట్రోల్‌కు వచ్చింది” అని, అంతటితో ఆగకుండా “ఆ రిఫైండ్ నూనెలన్నీ విషమే” అనీ అంటుంది. చివర్లో తొమ్మిదేళ్ల కొడుకు వచ్చి డబ్బా పట్టుకుని గంతులేస్తాడు. వెనక టీవీలో సినిమా పాట మోగుతూ ఉంటుంది.

షుగరు మాట యాడ్‌లోకి రాకూడదు. ఆహార పదార్థం ఫలానా జబ్బును నయం చేస్తుందనో తగ్గిస్తుందనో చెప్పుకోవడాన్ని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనలు, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, నిషేధించాయి. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రతా చట్టంలోని 53వ సెక్షన్ కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, ఆవిడ మనస్ఫూర్తిగా అనుమతి ఇచ్చినా ఈ మాట చెల్లుబాటు కాదు. అనుమతి ఆవిడ ముఖానికీ గొంతుకూ సంబంధించినది. చెప్పిన విషయం నిజానిజాలకు దానితో సంబంధం లేదు. పైగా ఆ షుగరు ఆవిడది కాదు, అత్తగారిది. ఒకరి ఆరోగ్యం సంగతి లోకానికి చెప్పడానికి ఇంకొకరు అనుమతి ఇవ్వలేరు. రిఫైండ్ నూనెల మీది మాటా అంతే. పోటీ సరుకును విషమని డబ్బు కట్టి మరీ ప్రచారం చేస్తే తగాదా వెతుక్కుంటూ ఇంటికి వస్తుంది.

పిల్లాడి భాగం తీసేయడమే మేలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల నుంచి సరిచూసుకోదగ్గ సమ్మతి కావాలి. నూనె అమ్ముకోవడానికి పిల్లాడి గంతులు అంత అవసరమా? వెనక పాట గొడవ ఇంకోటి. ఆ పాట హక్కులు ఆవిడవీ కావు, దుకాణానివీ కావు. ఇంట్లో చూసుకునే వీడియోలో అదొక లెక్క కాదు. యాడ్‌లో వినపడితే మాత్రం వేదికలు ఆ ధ్వనిని పసిగట్టి మ్యూట్ చేయవచ్చు, యాడ్‌నే ఆపేయవచ్చు. మాటా పాటా ఒకే ధ్వనిలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి విడదీయడం కష్టం. పాట వినపడని ముక్కలే ఏరుకోవాలి.

ఇన్ని కోతలు కోస్తే మిగిలేది ముప్పై రెండు సెకన్లు. అంటే యాడ్‌కు కావాల్సినంత మిగిలినట్టే. అయితే ఒక కోత మాత్రం కోయకూడదు. మడ్డి చూసి చెడిపోయిందనుకున్న మాట తీసేద్దామని దుకాణదారుడికి చేయి దురద పెడుతుంది. నా మాట వింటే ఉంచమంటాను. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో మెచ్చుకునేవాళ్ల మాట వాళ్ల నిజమైన, ఇప్పటికీ ఉన్న అభిప్రాయమై ఉండాలి. అనుమానం ముక్క కోసేసి పొగడ్తే మిగిలిస్తే అది ఆవిడ అభిప్రాయం కాదు, దుకాణదారుడి అభిప్రాయం ఆవిడ నోట వచ్చినట్టు. వ్యాపారపరంగా చూసినా, కొత్తగా కొనేవాడికి వచ్చే మొదటి అనుమానం ఆ మడ్డి గురించే. దానికి జవాబు కస్టమరే చెబుతోంది, ఉచితంగా.

ఇప్పుడు మెయిల్. వాట్సాప్‌లో అడిగితే సరిపోదా అంటే, పలకరింపు వరకు సరిపోతుంది. “అక్కా, మీ వీడియో బలే నచ్చింది, ఒక సంగతి మెయిల్ చేస్తాండా, తీరిగ్గా చూడండి” అని ఒక మాట అక్కడ చెప్పడమే మంచిది, లేకపోతే మెయిల్ కొరియర్ కంపెనీల ప్రచారాల మధ్య కలిసిపోతుంది. కానీ అసలు ప్రశ్న, జవాబు మెయిల్‌లో ఉండాలి. వాట్సాప్ సందేశాలను ఎవరైనా చెరిపేయవచ్చు, ఫోన్ మారితే పోవచ్చు. బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చిందనుకోండి, అది వీడియో పేజీలో పెట్టడానికా, యాడ్‌కా, ఊరికే ‘చూశాను’ అనడానికా? మెయిల్‌కు బదులిస్తే అడిగిన ప్రశ్న మొత్తం జవాబు కిందే తేదీతో సహా నిలుస్తుంది.

కోసిన వీడియో తయారయ్యాకే మెయిల్ పంపాలి. “మీ వీడియో వాడుకోవచ్చా” అని ఊరికే అడిగితే ఆవిడ దేనికి ఒప్పుకుందో ఆవిడకే తెలియదు. మన ఉదాహరణలో మెయిల్ ఇలా ఉండవచ్చు.

విషయం: మీ వీడియోను మా యాడ్‌లో పెట్టడానికి అనుమతి అడుగుతున్నాం

నమస్తే అక్కా,

పోయిన ఆదివారం మీరు పంపిన వీడియో మా ఇంట్లో అందరం చూశాం. ఉగ్గాని తిరగవాత మాట విని మా అమ్మ మళ్లీ పెట్టించుకుని చూసింది. చాలా సంతోషం.

ఆ వీడియోలో 32 సెకన్లు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో డబ్బు కట్టి నడిపే యాడ్‌గా వాడుకోవాలని ఉంది. యాడ్ అంటే మా పేజీని చూసేవాళ్లకే కాదు, బెంగళూరు, హైదరాబాదుల్లో మీకు తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ కనిపిస్తుంది. మీ స్నేహితులకో ఆఫీసువాళ్లకో కూడా కనపడవచ్చు.

ఎలా వాడాలనుకుంటున్నామో అదే కోతతో వీడియో జత చేశాను. అత్తగారి ఆరోగ్యం మాట, వేరే నూనెల మాట, బాబు ఉన్న భాగం తీసేశాం. మీ మాటల్లో వేరే మార్పు ఏమీ లేదు, కింద అక్షరాలు మాత్రం వేశాం. పేరు వేయలేదు, ‘తాడిపత్రి నుంచి బెంగళూరు వెళ్లిన మా కస్టమర్’ అని మాత్రమే ఉంది. అది కూడా వద్దంటే తీసేస్తాం.

ఆరు నెలలు నడుపుతాం. ఆ తర్వాత ఆపేస్తాం, ఇంకా కావాలంటే మళ్లీ అడుగుతాం. మధ్యలో ఎప్పుడైనా మీకు వద్దనిపిస్తే ఈ మెయిల్‌కే ‘ఆపండి’ అని రాస్తే చాలు, కారణం చెప్పక్కర్లేదు, రెండు రోజుల్లో ఆపేస్తాం. అయితే అప్పటికే ఎవరైనా తమ ఫోన్లో దాచుకుని ఉంటే దాన్ని వెనక్కి తేవడం మా చేతుల్లో లేదు, ఈ సంగతి ముందే చెబుతున్నాం.

వీడియో ఫోన్ పట్టుకుని తీసింది ఇంకెవరైనా అయితే, వాళ్లకూ ఇష్టమేనా అని అడిగి చెప్పండి.

ఇష్టమైతే ‘జత చేసిన వీడియోను యాడ్‌గా ఆరు నెలలు వాడుకోవచ్చు’ అని బదులివ్వండి. ఇష్టం లేకపోతే ‘వద్దు’ అన్నా చాలు, ఏమీ అనుకోం. బదులు రాకపోతే వాడం.

మెయిల్ అంతే. సంతకం, ఫోన్ నంబరు. ఇందులో కొన్ని మాటలు ఊరికే వచ్చినవి కావు, కాస్త ఆగి చూడాలి.

ఆరు నెలలు అన్న గడువు ముందుగా. యాడ్ ఏజెన్సీలు ఇచ్చే నమూనా ఫారాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఏ మాధ్యమంలోనైనా’ అని ఉండటం మామూలు. ఒక డబ్బా నూనె కొన్న మనిషి ముందు అది పెడితే, పెన్ను కింద పెట్టేసి దుకాణమే మార్చేయవచ్చు. అలాగని గడువు రాయకుండా వదిలేసినా చిక్కే. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కు బదలాయించే పత్రంలో కాలం చెప్పకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకుగా లెక్కపెడతారు. ఆవిడ మనసులో ఒక పండుగ సీజను ఉండొచ్చు, చట్టం లెక్క వేరు. ఆరు నెలలని రాస్తే ఇద్దరికీ ఒకటే అర్థం.

వీడియో ఎవరు తీశారన్న ప్రశ్న వింతగా అనిపించవచ్చు. ముఖం ఆవిడది, కానీ ఫోన్ పట్టుకున్నది ఆవిడ భర్త అయితే, తీసిన దానిమీద హక్కు ఆయనదే అనే వాదనకు చోటుంటుంది. ఇంట్లో వాళ్లు దావా వేస్తారని కాదు. ఒక్క వాక్యంతో తేలిపోయే దాన్ని తేల్చుకోవడమే.

ఆఖరి మాట, ‘బదులు రాకపోతే వాడం’. దీనికి తలకిందులుగా ‘ఏడు రోజుల్లో బదులు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం’ అని రాసేవాళ్లున్నారు. అది సమ్మతి కాదు. 2023 చట్టం అడిగేది స్వేచ్ఛగా, ఫలానా పనికి అని తెలిసి, స్పష్టమైన చర్యతో ఇచ్చిన సమ్మతి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి, అడగడం తేట భాషలో ఉండాలి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో కోరుకున్నదాంట్లో చదువుకునే వీలుండాలి. తెలుగులో మాట్లాడి పంపిన వీడియోకు ఇంగ్లిషు న్యాయభాషలో రెండు పేజీల ఫారం పంపడం ఎంత అడ్డగోలు పనో దీన్నిబట్టే తెలుస్తుంది. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతికి సంబంధించిన ప్రధాన భాగాలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువు పెట్టారు. చిన్న దుకాణాలు అలవాటు పడటానికి ఇదే సమయం.

మెయిల్‌లో లేని మాట కూడా ఒకటుంది. “ఒప్పుకుంటే ఐదు లీటర్ల డబ్బా ఉచితం” అని లేదు. ఆశ పెట్టి తీసుకున్న సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందేనా అన్న ప్రశ్న వస్తుంది. అంతకన్నా ముఖ్యం, మెచ్చుకున్న మనిషికి దుకాణంతో డబ్బు సంబంధం ఉంటే, అది మెప్పు విలువను మార్చేదైతే, 2022 మార్గదర్శకాల ప్రకారం ఆ సంగతి యాడ్‌లో బయటపెట్టాలి. ‘ఈ కస్టమర్‌కు ఉచితంగా నూనె ఇచ్చాం’ అని వీడియో మీద రాయాల్సి వస్తే, అడగకుండా వచ్చిన మెప్పుకున్న బలమంతా పోతుంది. ఉచితంగా ఏదో ఇవ్వాలని మనసు పీకితే ఇవ్వండి, తప్పేం లేదు, కానీ ఇచ్చినట్టు యాడ్‌లో చెప్పండి. నన్నడిగితే ఇవ్వకపోవడమే శుభ్రం.

ఇక జవాబు. మన ఉదాహరణలో ఆవిడ రెండు రోజులకు ఇలా రాసిందనుకుందాం: “వాడుకోండి, మా ఆయనకు కూడా ఓకే. కానీ యూట్యూబ్ వద్దు, మా మామ పొద్దున లేచింది మొదలు అదే చూస్తాంటాడు. కిటికీలోంచి మా అపార్ట్‌మెంట్ పేరు కనపడతాంది, అది మాపండి.” ఇది నిజానికి చాలా మంచి జవాబు. జత చేసిన కోతను చూసిందని, ఆలోచించే ఒప్పుకుందని ఇదే రుజువు. దుకాణదారుడు చేయాల్సింది పేరు మసకచేసి, మార్చిన వీడియోను మళ్లీ పంపి, ‘ఈ వీడియోకు సరేనా’ అని ఇంకోసారి అడగడం. విసుగనిపించవచ్చు. కానీ అనుమతి ఎప్పుడూ ఒక ఫైలుకు ఇచ్చేదే. నడిపే ఫైలు, ఒప్పుకున్న ఫైలు ఒకటే కావాలి. ఈసారి ‘సరే’ అని ఒక్క ముక్క వచ్చినా చాలు, ప్రశ్న పైనే ఉంది కాబట్టి.

అప్పుడే అసలు వీడియోను కూడా అడగాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది, పెద్ద తెరమీద మసకబారుతుంది. అదే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమంటే ఫోన్లో ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

తర్వాత ఎక్కువగా బెడిసికొట్టేది ఆపే దగ్గర. ‘ఆపండి’ అని మెయిల్ వస్తుంది, దుకాణదారుడు ఒక ప్రచారాన్ని ఆపి నిశ్చింతగా ఉంటాడు, వారం తర్వాత ఆవిడ స్నేహితురాలు మళ్లీ ఆ వీడియో చూస్తుంది. కారణాలు మామూలువే. బెంగళూరుకు ఒకటి, హైదరాబాదుకు ఒకటి అని అదే వీడియోతో రెండు ప్రచారాలు నడుస్తుంటాయి. పాత ప్రచారాన్ని నకలు తీసి కొత్తది పెట్టినప్పుడు వీడియో కూడా దాంతోపాటే వస్తుంది. పేజీలో పెట్టిన పోస్టును బూస్ట్ చేసి ఉంటే, యాడ్ ఆపినా పోస్టు పేజీలో అలాగే ఉంటుంది. యాడ్స్ చూసే కుర్రాడి సొంత ఖాతాలోంచి ఏదైనా నడుస్తుంటే అది దుకాణదారుడికి కనపడదు కూడా. దీనికి ఒక మామూలు నోటుపుస్తకం చాలు. ఏ ఫైలు, ఎవరి అనుమతి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏయే ప్రచారాల్లో ఉంది. ఫైలు పేరులోనే గడువు తేదీ పెడితే నకలు తీసేటప్పుడు కంటికి కనపడుతుంది. ఆపాక సరిచూడటానికి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో నడిచే యాడ్‌లను చూపించే మెటా యాడ్ లైబ్రరీలో మన పేజీ పేరు వెతికితే, ఆ పేజీ నుంచి ఇంకా నడుస్తున్న యాడ్‌లు కనిపిస్తాయి. ఆవిడకు ‘ఆపేశాం’ అని బదులు రాయాల్సింది ఆ చూపు తర్వాతే.

యాడ్ కింద వచ్చే కామెంట్లనూ పట్టించుకోవాలి. నూనె ధర మీద కోపం చాలాసార్లు ఆవిడ రూపం మీదకూ యాస మీదకూ మళ్లుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ యాడ్‌కు కామెంట్లు మూసేయవచ్చు, ఫేస్‌బుక్‌లో దాచవచ్చు. మొదటి రెండు మూడు రోజులు ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఒక్క పాడు కామెంటు ఆవిడ కంటపడితే ‘ఆపండి’ మెయిల్ ఆ రాత్రే వస్తుంది.

ఆరు నెలలు అయ్యేసరికి యాడ్ ఇంకా బాగా నడుస్తుంటే రెండో మెయిల్ రాయాలి. అది మొదటిదానికంటే చిన్నది, కానీ అందులో ఒక కొత్త ప్రశ్న ఉండాలి: “ఇప్పటికీ మా నూనే వాడుతున్నారా, అప్పుడు చెప్పిన మాటే ఇప్పుడూ అంటారా?” ఆవిడ ఈలోగా వేరే నూనెకు మారి ఉంటే, అనుమతి ఇస్తానన్నా ఆ యాడ్ నడపకూడదు. కొన్ని నెలలుగా ఆర్డరు రాలేదని లెక్కల పుస్తకంలో ముందే కనపడితే, ఆ మెయిల్ రాయడం కన్నా ఫోన్ చేసి ఎందుకు మానేశారో కనుక్కోవడం మేలు.